గంట ఆకారం అడగని హామీ

భూమి ద్రవ్యరాశిని 1 అనుకుందాం. ఆ కొలతలో బుధుడిది 0.06, అంగారకుడిది 0.11, శుక్రుడిది 0.82. యురేనస్ దగ్గరికి వచ్చేసరికి అది 14.5 అవుతుంది, నెప్ట్యూన్‌ది 17.1, శనిది 95.2. గురుడిది ఏకంగా 317.8. ఈ ఎనిమిది సంఖ్యల్లో నాలుగు, ఒకటి దగ్గరో అంతకు లోపో ముడుచుకుని కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం మిగతా అన్నీ కలిపినా అందనంత దూరంలో ఉంది. వీటిని గీత మీద గుర్తిస్తే వచ్చే బొమ్మకు గంట ఆకారంతో ఏ పోలికా ఉండదు.

సంఖ్యల గుంపును చూడగానే సగటు కట్టి, ప్రామాణిక విచలనం కట్టి, సగటుకు అటూ ఇటూ రెండు విచలనాల లోపల 95 శాతం ఉంటాయని చెప్పేయడం చాలామందికి అలవాటు. ఆ 95 శాతం గంట ఆకారపు వక్రం ఇచ్చిన లెక్క. గ్రహాల మీద ఆ వక్రాన్ని పరిచి చూస్తే సంగతి తెలుస్తుంది. సగటు 55.8, ప్రామాణిక విచలనం 103.5 వస్తాయి. ఈ రెంటితో గీసిన గంట వక్రంలో దాదాపు 30 శాతం సున్నాకు దిగువన పడుతుంది. అంటే ప్రతి పది గ్రహాల్లో మూడింటి ద్రవ్యరాశి సున్నా కన్నా తక్కువ ఉండాలన్నమాట. ఆకారం గురించి చేసిన ఊహ ఇక్కడ పనికిరాదు.

అయితే ఊహను తీసేశాక ఏం మిగులుతుంది? ఆకారం ఎలాంటిదో తెలియదు. ఒక కొండ ఉందో, రెండు ఉన్నాయో, తోక ఎటు సాగిందో తెలియదు. చేతిలో ఉన్నవి రెండే: సగటు, ప్రామాణిక విచలనం. ఈ రెంటితోనే, ఏ గుంపుకైనా తప్పకుండా నిలిచే మాట ఒకటి చెప్పవచ్చు. సగటుకు అటూ ఇటూ రెండు విచలనాల లోపల కనీసం 75 శాతం ఉంటాయి. మూడు విచలనాల లోపల కనీసం 88.9 శాతం, అంటే తొమ్మిదింట ఎనిమిది. ఐదు విచలనాల లోపల కనీసం 96 శాతం. విచలనాల సంఖ్యను k అంటే, లోపల ఉండే వాటా 1 − 1/k² కన్నా తగ్గదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు దీన్ని చెబిషెవ్ అసమానత పేరుతో చదివి ఉంటారు. పరీక్షలో దీని రుజువు నాలుగు వరుసల్లో అయిపోతుంది. ఆ నాలుగు వరుసల్లో ఎంత నేర్పు దాగి ఉందో, దాన్ని విడి భాగాలుగా విప్పి చూస్తే గాని అర్థం కాదు.

మొదటి భాగం దూరం. ప్రతి సంఖ్యా సగటుకు ఎంత దూరంలో ఉందో చూడాలి. భూమి 54.8 దిగువన ఉంది, శని 39.4 ఎగువన ఉంది, గురుడు 262 ఎగువన ఉన్నాడు. ఈ దూరాలను గుర్తులతో సహా కలిపితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది. సగటు అంటేనే పైవాటినీ కిందివాటినీ సరితూచే చోటు కదా. అందుకని గుర్తును చెరిపే ఉపాయం కావాలి. దూరాన్ని దానితోనే గుణించడం, అంటే వర్గం చేయడం, ఆ ఉపాయం. అది గుర్తును చెరపడంతో ఆగదు. రెట్టింపు దూరంలో ఉన్నదాని వర్గం నాలుగింతలు, మూడింతల దూరంలో ఉన్నదాని వర్గం తొమ్మిదింతలు. దూరంగా ఉండటాన్ని చాలా ఖరీదైన పనిగా మార్చేస్తుంది వర్గం. 75 శాతం, తొమ్మిదింట ఎనిమిది అనే సంఖ్యలు పుట్టేది ఇక్కడే.

రెండో భాగం ఆ వర్గాల సగటు, అంటే విస్తృతి. దాని వర్గమూలమే ప్రామాణిక విచలనం. సాధారణంగా మనం దీన్ని ఒక దిశలోనే చదువుతాం: సంఖ్యలు ఇచ్చారు, విచలనం కట్టాం, పని అయిపోయింది. అసమానత కట్టినవాళ్ళు దాన్ని వెనక్కి చదివారు. విచలనం తెలుసంటే, దూరాల వర్గాల మొత్తం ఎంతో తెలిసిపోయినట్టే. ఎనిమిది సంఖ్యలుంటే ఆ మొత్తం, విచలనపు వర్గానికి సరిగ్గా ఎనిమిది రెట్లు. సంఖ్యలు ఎలా పరుచుకున్నా ఆ మొత్తం ఒక్క పైసా పెరగదు, తగ్గదు. ఇందులో ఊహ ఏదీ లేదు, నిర్వచనాన్ని తిప్పి చదవడమే ఉంది.

ఇక మిగిలింది ఒక్క కోత. సగటుకు రెండు విచలనాల దూరంలో గీత గీసి, సంఖ్యలను రెండు పక్షాలుగా విడదీయాలి. గీతకు లోపలివి ఒక పక్షం, గీత మీదా బయటా ఉన్నవి మరో పక్షం. బయటివాటిలో ప్రతి ఒక్కదాని దూరం కనీసం రెండు విచలనాలు కాబట్టి, దాని వర్గం కనీసం నాలుగు విస్తృతులు. సంచిలో డబ్బు ఎంతుందో, ఒక్కో టికెట్టు కనీస ధర ఎంతో తెలిస్తే, బస్సు ఎక్కేవాళ్ళ పేర్లు తెలియకపోయినా ఎంతమందికి మించి ఎక్కలేరో చెప్పవచ్చు. ఇక్కడ సంచిలో ఉన్నది ఎనిమిది విస్తృతులు, టికెట్టు ధర నాలుగు. ఇద్దరికి మించి బయటికి వెళ్ళలేరు. ఎనిమిదిలో రెండంటే పావు వంతు. కనుక కనీసం మూడు వంతులు లోపలే ఉండాలి. ఎనిమిది బదులు ఎనిమిది వేలున్నా, విడి సంఖ్యలు కాక సంభావ్యతల విభాజనమే ఉన్నా, వాదన ఇదే.

ఇందులో రెండు చోట్ల ఉదారంగా వదిలేసిన లెక్కలున్నాయి. వాటిని చూస్తేనే ఈ పనితనం తెలుస్తుంది. లోపలి పక్షానికి కూడా దూరాలున్నాయి, వాటికీ వర్గాలున్నాయి. ఆ ఖర్చంతా లేనట్టే అనుకున్నాం. ఇది మొదటి వదులు. బయటి పక్షంలో గీతను దాటి ఎంతో దూరం పోయినవాటికి కూడా గీత మీద నిలబడ్డవాటి ధరే కట్టాం. ఇది రెండో వదులు. రెండూ ఒకే దిక్కుకు పనిచేస్తాయి. నిజంగా బయటికి పోగలిగినవాటి కన్నా ఎక్కువ పోగలవని చూపిస్తాయి. అందుకే హామీ తప్పిపోయే అవకాశం లేదు, అతి జాగ్రత్తతో ఉండే అవకాశం మాత్రం ఉంది.

గ్రహాల లెక్కలో ఆ రెండు వదులులూ ఎంతెంతో కొలిచి చూద్దాం. దూరాల వర్గాల మొత్తం దాదాపు 85,600. విస్తృతి అందులో ఎనిమిదో వంతు, 10,700. రెండు విచలనాలంటే 207. సగటుకు అటూ ఇటూ 207 తీసుకుంటే కింది హద్దు −151, పై హద్దు 263 దగ్గర వస్తాయి. ఆ హద్దు దాటింది గురుడొక్కడే. ఎనిమిదింట ఏడు లోపల ఉన్నాయి, అంటే 87.5 శాతం. 75 శాతం హామీ నిలిచింది. కానీ అసమానత ఇద్దరు బయట ఉండవచ్చని చెప్పింది, ఉన్నది ఒక్కడే. మరి ఆ రెండో టికెట్టు సొమ్ము ఎటు పోయింది?

టికెట్టు ధర నాలుగు విస్తృతులు, అంటే 42,800. గురుడి దూరపు వర్గం 68,600. కట్టవలసిన కనీస ధర కన్నా ఆయన 25,800 అదనంగా ఖర్చు చేశాడు. లోపలున్న ఏడు గ్రహాల వర్గాల మొత్తం 17,000. మనం లేదనుకున్న ఖర్చు అది. ఈ రెండూ కలిపితే 25,800, 17,000, మొత్తం 42,800. సరిగ్గా ఒక టికెట్టు! రెండో గ్రహం బయటికి పోవడానికి కావలసిన సొమ్ములో కొంత గురుడి అతి దూరానికి, కొంత మిగతా ఏడింటి చిన్న చిన్న దూరాలకు ఖర్చయిపోయింది. హామీకీ వాస్తవానికీ మధ్య ఉన్న ఖాళీ గాలిలోంచి రాలేదు. ప్రతి పైసాకూ పద్దు ఉంది.

ఇప్పుడు ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. ఇంత వదులు ఇచ్చేశారు కదా, కొంచెం బిగించి 75ని 76 చేయలేమా? చేయలేం. ఎందుకో తెలుసుకోవాలంటే, ఈ హామీని అంచు దాకా నెట్టే సంఖ్యల గుంపును మనమే తయారు చేయాలి. పద్దు చూశాం కాబట్టి ఎలా తయారు చేయాలో కూడా తెలుసు. లోపలివాళ్ళు ఏమీ ఖర్చు పెట్టకూడదు, అంటే వాళ్ళంతా సరిగ్గా సగటు మీదే ఉండాలి. బయటివాళ్ళు ఒక్క అంగుళం కూడా అదనంగా పోకూడదు, అంటే సరిగ్గా గీత మీదే నిలబడాలి. సగటు కదలకుండా ఉండటానికి ఒకరు అటు, ఒకరు ఇటు. ఆ గుంపు ఇది: −2, 0, 0, 0, 0, 0, 0, 2. సగటు సున్నా. వర్గాల మొత్తం 4, 4 కలిపి 8. దాన్ని ఎనిమిదితో భాగిస్తే 1, కాబట్టి విచలనం 1. ఎనిమిదింట రెండు, అంటే సరిగ్గా పావు వంతు, సరిగ్గా రెండు విచలనాల దూరంలో ఉన్నాయి. రెండు వదులులూ సున్నా అయిపోయాయి. మూడు విచలనాలకు ఇదే పని చేయాలంటే పద్ధెనిమిది సంఖ్యలు కావాలి: ఒక −3, ఒక 3, మధ్యలో పదహారు సున్నాలు. పద్ధెనిమిదింట రెండు, అంటే తొమ్మిదింట ఒకటి.

ఒక సున్నితమైన మెలిక ఉంది. ఈ గుంపులో −2, 2 గీత మీదే ఉన్నాయి. గీతను కూడా లోపల కలుపుకుంటే ఎనిమిదీ లోపలే ఉన్నట్టు. గీతను బయట లెక్కేస్తే 75 శాతం లోపల. పాఠ్యపుస్తకాల్లో కొన్నిచోట్ల 'కన్నా తక్కువ' అనీ, కొన్నిచోట్ల 'తక్కువ లేదా సమానం' అనీ కనిపించేది ఇందుకే. హామీ రెండు రకాలుగానూ నిజమే. అయితే అంచును పూర్తిగా తాకేది గీతను బయట లెక్కేసినప్పుడే.

ఈ మూడు చోట్ల గుంపు గడ్డిబొమ్మ లాంటిదనీ, నిజంగా ఎక్కడా తటస్థపడదనీ అనిపించవచ్చు. పోలికలు ఎలా ఉన్నా, దాని పని వేరు. ఇక ముందు ఎవరైనా ఇంతకన్నా మంచి హామీ ఇస్తామని వస్తే, ఈ ఎనిమిది సంఖ్యలను వాళ్ళ ముందు పెడితే చాలు. సగటు, విచలనం తప్ప మరేమీ తెలియనప్పుడు చెప్పగలిగినదంతా చెప్పేసినట్టే, ఇంకేమీ మిగలలేదని అది సాక్ష్యం చెబుతుంది. నా దృష్టిలో ఈ అసమానతలో అసలైన అందం ఇక్కడే ఉంది. రుజువు అంత సులువుగా ఉండి, ఫలితం ఇంత బిగువుగా ఉండటం గణితంలో తరచుగా జరిగేది కాదు.

దీన్ని కట్టినవాళ్ళు ఇద్దరు. ఫ్రాన్సులో ఇరెనె జూల్ బియెనెమె 1853లో దీన్ని ముందుగా ప్రచురించారు. ఆయన ఆర్థిక శాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన మనిషి. పరిశీలనల్లోని తప్పులను తగ్గించే పద్ధతి గురించి రాస్తూ దీన్ని వాడుకున్నారు. రష్యాలో పఫ్నూతీ ల్వోవిచ్ చెబిషెవ్ 1867లో సగటుల మీద రాసిన వ్యాసంలో, దీన్నే ప్రధాన విషయంగా నిలబెట్టారు. ఆ ఏడాదే లియూవీల్ నడిపే ఫ్రెంచి గణిత పత్రికలో చెబిషెవ్ వ్యాసమూ, బియెనెమె పాత వ్యాసపు పునర్ముద్రణా వచ్చాయి. ఇద్దరికీ పరిచయం ఉంది. రష్యన్ తెలిసిన బియెనెమె, అంతకుముందే చెబిషెవ్ వ్యాసం ఒకదాన్ని ఫ్రెంచిలోకి అనువదించారు. ఈ పద్ధతి విషయంలో బియెనెమెకు దక్కవలసిన గౌరవాన్ని చెబిషెవ్ తర్వాత 1874లో స్వయంగా రాసి ఇచ్చారు. అందుకే కొందరు దీన్ని బియెనెమె–చెబిషెవ్ అసమానత అంటారు. అలా అనడమే న్యాయం.

చెబిషెవ్‌కు యంత్రాల పిచ్చి ఉండేది. ఇనుప కడ్డీలను కీళ్ళతో జోడించి, గుండ్రంగా తిరిగే కదలికను తిన్నని గీత మీది కదలికగా మార్చే అమరికల మీద ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు. చక్రాలు లేకుండా కాళ్ళతో నడిచే యంత్రాన్ని ఆయన కట్టగా, అది 1878లో పారిస్ ప్రదర్శనకు వెళ్ళింది. కడ్డీల అమరిక పూర్తిగా తిన్నని గీత గీయలేదు, కొంచెం వంకర పోతుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్న: ఆ వంకర అన్నింటికన్నా ఎక్కువైన చోట ఎంత, దాన్ని ఎంతవరకు తగ్గించగలం? సగటున ఎంత పోతుందన్నది ఇక్కడ పెద్దగా పనికిరాదు. అన్నింటికన్నా చెడ్డ సందర్భాన్ని ముందు పెట్టుకుని, అక్కడ కూడా విరగని హామీని కట్టడం ఈ ఆలోచనా పద్ధతి. అసమానతలో కనిపించేదీ ఇదే చెయ్యి.

ఈ హామీ నుంచి పుట్టే ఫలితం ఒకటి ప్రయోగశాలల్లో, వర్క్‌షాపుల్లో నేరుగా పనికొస్తుంది. అయినా అది తెలిసినవాళ్ళు తక్కువ. కొలతలు తీసినప్పుడు, సగటుకు మూడు విచలనాల కన్నా దూరంగా పడ్డ కొలతను పొరపాటుగా భావించి తీసేయాలన్న నియమం చాలాచోట్ల ఉంది. ఎనిమిది కొలతలు తీసి, వాటి నుంచే సగటూ విచలనమూ కట్టి, ఈ నియమం పెట్టామనుకుందాం. మూడు విచలనాల బయట తొమ్మిదింట ఒకటికి మించి ఉండకూడదు. ఎనిమిదిలో తొమ్మిదో వంతు అంటే ఒకటి కన్నా తక్కువ. కొలతలు ముక్కలుగా ఉండవు. కనుక ఒక్కటి కూడా బయట పడదు. ఒక కొలతలో దశాంశ బిందువు తప్పిపోయి 10.2 బదులు 102 అని రాసినా, 1,020 అని రాసినా, ఆ నియమం దాన్ని పట్టుకోదు. తప్పు సంఖ్య ఎంత పెద్దదైతే విచలనం కూడా అంత ఉబ్బిపోయి దాన్ని కడుపులో దాచుకుంటుంది.

ఇంకాస్త జాగ్రత్తగా లెక్కపెడితే అసలు హద్దు తెలుస్తుంది. ఎనిమిదిలో ఒకటి సగటుకు పైకి పోతే, సగటు కదలకుండా ఉండటానికి మిగతా ఏడూ కలిసి అంతే దూరం కిందికి పోవాలి. ఆ భారాన్ని ఏడూ సమానంగా పంచుకున్నప్పుడే ఖర్చు అతి తక్కువ. ఆ లెక్క తీస్తే, పైకి పోయినది ఏడు వర్గమూలం రెట్ల విచలనాన్ని, అంటే 2.65 విచలనాలను దాటలేదని వస్తుంది. మొత్తం సంఖ్యలు n ఐతే హద్దు n − 1 వర్గమూలం. అర్థశాస్త్రవేత్త పాల్ శామ్యూల్‌సన్ 1968లో దీని గురించి రాసినందువల్ల ఆయన పేరు దీనికి నిలిచింది. గురుడు ఉన్నది 2.53 విచలనాల దూరంలో. ఎనిమిది సంఖ్యల గుంపులో సాధ్యమైన అతి పెద్ద వైపరీత్యానికి ఆయన దాదాపు అంచున ఉన్నాడు. అయినా మూడు విచలనాల నియమం ఆయన్ని మామూలువాడిగానే చూస్తుంది. ఆ నియమానికి ఒక్కదాన్నైనా పట్టుకునే శక్తి రావాలంటే కనీసం పదకొండు కొలతలు కావాలి. విస్తృతి కట్టేటప్పుడు n బదులు n − 1తో భాగించినా ఈ పదకొండు మారదు.

ఆకారం గురించి ఏమీ తెలియకపోతే ఇంత. కొంచెం తెలిస్తే? తెలిసినదాన్ని బట్టి హామీ బిగుస్తుంది. ఎంత తెలిస్తే ఎంత బిగుస్తుందో చూడటం నాకు చాలా ఇష్టమైన భాగం. వక్రానికి ఒకే ఒక కొండ ఉందని, అది ఎక్కి దిగుతుందే గాని మళ్ళీ ఎక్కదని మాత్రమే తెలుసనుకుందాం. కొండ మధ్యలోనే ఉండాలని లేదు, రెండు పక్కలా ఒకేలా ఉండాలనీ లేదు. అప్పుడు రెండు, మూడు విచలనాల దగ్గర బయట ఉండగల వాటా, మునుపటి హద్దులో తొమ్మిదింట నాలుగు వంతులకు పడిపోతుంది. మూడు విచలనాల బయట 11.1 శాతం బదులు 4.9 శాతం, రెండు విచలనాల బయట 25 బదులు 11.1 శాతం. కొండ శిఖరం నుంచి దూరాలు కొలిచే పక్షంలో ఇలాంటి ఫలితాన్ని గౌస్ 1823లోనే ఇచ్చారు. సగటు నుంచి కొలిచే పక్షానికి విసోచాన్‌స్కీ, పెతూనిన్ 1980లో రుజువు ఇచ్చారు. మూడు చోట్ల గుంపు ఇక్కడ అడ్డు రాదు, ఎందుకంటే దానికి మూడు కొండలున్నాయి. కర్మాగారాల్లో మూడు విచలనాల హద్దులు వాడేవాళ్ళు, గంట ఆకారం రుజువు చేయకుండానే 95 శాతం హామీ చెప్పగలగడానికి ఈ ఒక్క కొండ షరతు చాలు.

ఒకే పక్క గురించి అడిగితే మరో బిగింపు ఉంది. సగటుకు పైన రెండు విచలనాలు దాటినవి ఎన్ని ఉండవచ్చు? 25 శాతం అనవచ్చు గాని, అంతకన్నా బాగా చెప్పగలం. ఒక పక్కకే అన్నీ పోతే సగటు కూడా అటే జరుగుతుంది, దాన్ని సరిదిద్దడానికి మిగతావి ఎదురు పక్కకు జరిగి ఖర్చు పెట్టక తప్పదు. ఆ ఖర్చును వదిలేయకుండా లెక్కలో చేర్చితే, 1/k² బదులు 1/(1 + k²) వస్తుంది. రెండు విచలనాలకు ఐదో వంతు, 20 శాతం. ఇటలీ గణితవేత్త కాంటెల్లి పేరు మీద ఇది చెలామణీలో ఉంది. దీనిలో k స్థానంలో 1 పెడితే సగం వస్తుంది. దానివల్ల మధ్యగతం సగటుకు ఒక విచలనం కన్నా దూరంగా ఎప్పుడూ ఉండలేదన్న మరో అందమైన సంగతి బయటపడుతుంది. గ్రహాల మధ్యగతం 1, 14.5 నడుమ ఎక్కడో ఉంది, సగటు 55.8, విచలనం 103.5. సరిపోయింది.

ఈ హామీకి హద్దులు కూడా ఉన్నాయి. ఒక విచలనం దగ్గర అది ఏమీ చెప్పదు. 1 − 1 అంటే సున్నా. సగం సంఖ్యలకు హామీ కావాలంటే కనీసం 1.41 విచలనాలు పోవాలి. రెండోది, విచలనం అంతులేనిదిగా ఉన్న, లేదా అసలే నిర్వచించలేని విభాజనాలున్నాయి. కోషీ విభాజనం అలాంటిది. వాటికి వర్గాల మొత్తానికి హద్దే లేదు కాబట్టి, పట్టుకుని లెక్కించడానికి సంచి ఉండదు. మూడోది అన్నింటికన్నా ఎక్కువగా పొరపాటు జరిగే చోటు. చేతిలో ఉన్న ముప్పై కొలతల నుంచి కట్టిన సగటూ విచలనమూ ఆ ముప్పై కొలతలకే కచ్చితమైన హామీ ఇస్తాయి. రేపు వచ్చే ముప్పై ఒకటో కొలత గురించి అదే మాట అదే సంఖ్యతో చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే అసలు విభాజనపు విచలనం మనకు తెలియదు, మన దగ్గర ఉన్నది దాని అంచనా మాత్రమే.

చెబిషెవ్ అసలు ఆసక్తి చాలా కొలతల సగటు గురించి. అక్కడ ఈ పరికరం ఎలా పనిచేస్తుందో ఒక లెక్క చూద్దాం. ఒక ఊళ్ళో ఫలానా విషయానికి అవునన్నవాళ్ళ వాటా ఎంతో, విడివిడిగా, యాదృచ్ఛికంగా ఎంచుకున్న మనుషులను అడిగి తెలుసుకోవాలి. అంచనా అసలు వాటాకు 5 శాతం పాయింట్ల లోపలే ఉండాలి, అలా ఉంటుందన్న నమ్మకం కనీసం 95 శాతం ఉండాలి. ఎంతమందిని అడగాలి? అవును 1, కాదు 0 అనుకుంటే ఒక్కొక్క జవాబు విస్తృతి పావు వంతుకు మించదు. n మందిని అడిగితే సగటు విస్తృతి దాన్ని nతో భాగించినంత. బయట పడే వాటా ఈ విస్తృతిని 0.05 వర్గంతో భాగించినదానికి మించదు, అంటే 100/n. అది 5 శాతం లోపల ఉండాలంటే n 2,000 కావాలి. గంట వక్రాన్ని నమ్మి చేసే మామూలు లెక్క 385 మంది చాలంటుంది. తేడా ఐదింతలు. ఆకారాన్ని ఊహించకుండా ఉండటానికి చెల్లించవలసిన మూల్యం అది. ఇక్కడ జవాబుల సగటు నిజంగానే గంట ఆకారానికి దగ్గరగా వస్తుంది కాబట్టి 385ను నమ్మవచ్చు. కానీ అలా నమ్మడానికి మరో సిద్ధాంతం తోడు కావాలి. 2,000కు ఆ తోడు అక్కర్లేదు.

ఈ అసమానతను నేను ఎక్కువగా ఇష్టపడేది తనిఖీ పనిముట్టుగా. ఒక నివేదికలో సగటు మార్కులు 40, ప్రామాణిక విచలనం 5 అని రాసి, కిందనే 50 దాటినవాళ్ళు 30 శాతం అని ఉందనుకోండి. మార్కులు ఎలా పరుచుకున్నాయో తెలియనక్కర్లేదు, మార్కుల జాబితా చూడనక్కర్లేదు. 50 అంటే సగటుకు పైన రెండు విచలనాలు. అక్కడ 20 శాతానికి మించి ఏ గుంపులోనూ ఉండలేరు. ఆ మూడు సంఖ్యలూ కలిసి నిజం కాలేవు. సగటు ఒక గుంపుదీ విచలనం మరో గుంపుదీ అయి ఉండవచ్చు, విచలనం బదులు దాన్ని పిల్లల సంఖ్య వర్గమూలంతో భాగించిన ప్రామాణిక దోషం అచ్చయి ఉండవచ్చు. ఈ రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. విచలనం మరీ చిన్నదిగా కనిపిస్తే ముందుగా పిల్లల సంఖ్య వర్గమూలంతో దాన్ని గుణించి చూడాలి. వందమంది పిల్లలైతే 5 కాస్తా 50 అవుతుంది, సగటు 40 ఉన్నప్పుడు అది నూటికి వేసిన మార్కులకు సాధ్యమే కాదు. పాతిక మందైతే 25 అవుతుంది, అప్పుడు 50 దాటినవాళ్ళు దాదాపు 30 శాతం ఉండటంలో వింతేమీ లేదు.